దాపరికానికీ అబద్ధానికీ మధ్య: గే ప్రొఫైల్‌లో ఏం చెప్పాలి, ఏం ఆపాలి

డేటింగ్ యాప్‌లో ముఖం పెట్టని మగవాడు నిజాయతీ లేనివాడేనా? గే పురుషుల మధ్య ఏళ్ల తరబడి నడుస్తున్న తగవు ఇది. 'ఫేస్ పిక్ లేకపోతే రిప్లై లేదు' అని ప్రొఫైల్ మొదటి వాక్యంలోనే రాసేవాళ్లు ఒక పక్క ఉన్నారు. మెడ కింద నుంచి తీసిన ఫొటో పెట్టి, 'Discreet' అన్న గుర్తు తగిలించుకుని, పేరడిగితే మాట దాటేసేవాళ్లు ఇంకో పక్క ఉన్నారు. మొదటివాళ్లు రెండోవాళ్లను మోసగాళ్లంటారు. రెండోవాళ్లు మొదటివాళ్లను పెద్ద నగరాల్లో ఉండి మాట్లాడుతున్నారంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఇంట్లో తెలియకూడదు, కానీ ఎదుటి మనిషిని మోసం చేయకూడదు అనుకునే మూడో మనిషికి మాత్రం ఈ తగవు వల్ల దారి దొరకలేదు. ఆ మనిషి ప్రొఫైల్ ఎలా ఉండాలన్నదే ఈ సమీక్ష.

తగవు ఇక్కడి దాకా ఎలా వచ్చింది

1990లో అశోక్ రావ్ కవి 'బాంబే దోస్త్' పత్రిక మొదలుపెట్టిన కాలంలో పరిచయాలు ఉత్తరాల మీద నడిచేవి. ముఖం, పేరు, చిరునామా ఒకేసారి బయటపడే పని లేదు. ఎదుటివాడు ఎంత చెబితే మనమూ అంతే చెప్పుకుంటూ నెమ్మదిగా ముందుకు వెళ్లడానికి ఉత్తరంలో వీలుండేది. ఇంటర్నెట్ వచ్చాక ఆ నిదానం పోయింది. వెబ్‌సైట్లలో ప్రొఫైల్ అనేది ఎవరైనా, ఎప్పుడైనా చూడగల పేజీ అయింది. 2006 జనవరిలో లక్నో పోలీసులు ఇలాంటి ఒక వెబ్‌సైట్లో చాటింగ్ ద్వారా వల వేసి నలుగురిని అరెస్టు చేశారు. అప్పటికి 377 సెక్షన్ ఉంది కాబట్టి, ముఖం దాచుకోవడం అంటే జైలు తప్పించుకోవడమే.

2009లో రెండు సంగతులు జరిగాయి. జులై 2న ఢిల్లీ హైకోర్టు నాజ్ ఫౌండేషన్ కేసులో 377 కోరలు పీకింది. అదే ఏడాది అమెరికాలో గ్రైండర్ వచ్చి, ఎవరు ఎంత దూరంలో ఉన్నారో తెరమీద చూపించడం మొదలుపెట్టింది. ఆ తరువాత 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పును కొట్టేసింది. 2017లో పుట్టస్వామి తీర్పు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తిస్తూ, లైంగికత ఆ గోప్యతలో భాగమని చెప్పింది. చివరికి 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో, పెద్దవాళ్లు పరస్పర ఇష్టంతో కలవడం నేరం కాదని తేలింది.

చట్టం భయం తగ్గింది. చుట్టాల భయం తగ్గలేదు. తగవు ముదిరింది ఇక్కడే. 2018 తరువాత 'ఇంకా దేనికి దాక్కోవడం?' అని అడగడం తేలికైంది. అడిగేవాడు గచ్చిబౌలిలో ఒంటరిగా అద్దెకుంటాడు, జవాబు చెప్పాల్సినవాడు అమలాపురంలో అమ్మానాన్నలతో ఉంటాడు.

మూడు వాదాలు

బయటపడటమే నిజాయతీ అన్నది మొదటి వాదం. దీనికి పెద్ద గొంతు ఇచ్చినవాడు హార్వే మిల్క్. 1978లో కాలిఫోర్నియాలో గే ఉపాధ్యాయులను ఉద్యోగాల నుంచి తీసేయాలన్న ప్రతిపాదన మీద ఓటింగ్ వచ్చినప్పుడు, మీ కుటుంబాలకూ ఇరుగుపొరుగుకూ మీ గురించి చెప్పండి అని ఆయన ఊరూరా తిరిగి అడిగాడు. తమకు తెలిసిన మనిషికి వ్యతిరేకంగా జనం ఓటు వేయలేరన్నది ఆయన నమ్మకం. ప్రతిపాదన ఓడిపోయింది. ఈ వాదం బలం కాదనలేనిది. కానీ అది రాజకీయ కార్యక్రమంగా పుట్టింది. దాన్ని తీసుకొచ్చి ఒక ఒంటరి మనిషి ప్రొఫైల్‌కు కొలతగా పెట్టడం వేరే సంగతి.

రెండో వాదం, ప్రాణానికీ మానానికీ ముప్పు ఉన్నప్పుడు అబద్ధం తప్పు కాదన్నది. తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. వామన చరిత్రలో శుక్రాచార్యుడు బలికి చెప్పింది ఇదే, బలి వినంది కూడా ఇదే. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఆపద ఎవరి నుంచి వస్తుందో వాళ్ల దగ్గర అబద్ధం ఆడటానికి మాత్రమే ఈ వాదం ఒప్పుకుంటుంది. పెళ్లి గురించి గుచ్చి గుచ్చి అడిగే బాబాయి దగ్గర మాట మార్చడానికి దీన్ని వాడుకోవచ్చు. మనల్ని నమ్మి మాట్లాడుతున్న ఇంకో గే మనిషి దగ్గర వాడితే అది శుక్రనీతి కూడా కాదు. యాప్‌లలో జరిగే మోసాల్లో చాలా భాగం ఈ తేడాను చెరిపేయడం వల్లనే జరుగుతోంది.

వీటి మధ్య ఆసియా, లాటిన్ అమెరికా పరిశోధకులు ఇంకో మాట అన్నారు. చౌ వా-షాన్ 2000లో చైనా సమాజాల గురించి, కార్లోస్ డెసెనా డొమినికన్ వలసదారుల గురించి రాస్తూ, ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పకపోయినా అందరికీ ఎంతో కొంత తెలిసే ఉండే కుటుంబాలను చూపించారు. మన ఇళ్లలోనూ ఇది ఉంది. 'వాడి సంగతి వాడిది, అడక్కండి' అని ఒక పెద్దమ్మ అనే మాటలో ఎంత తెలిసి ఉంటుందో కొలవడం కష్టం.

మూడో వాదం, నాకు సరైనదనిపించేది, సందర్భాన్ని బట్టి చూడమంటుంది. సిసెలా బాక్ అబద్ధం మీద, రహస్యం మీద విడివిడిగా రెండు పుస్తకాలు రాసింది. అబద్ధం మొదటి నుంచే సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని, రహస్యం అలా కాదు అన్నది ఆమె వాదంలో కీలకం. హెలెన్ నిసెన్‌బామ్ సాంకేతిక లోకంలో గోప్యతకు సందర్భాన్నే కొలతగా పెట్టింది. ఒక సమాచారం ఏ సందర్భంలో, ఏ షరతు మీద ఇచ్చామో అక్కడే ఉండాలి. డాక్టరుకు చెప్పింది యజమానికి చేరితే అది నిజమే అయినా అన్యాయమే.

మూడు వాదాలనూ ఒకే ప్రశ్న ముందు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. చాట్‌లో అవతలివాడు 'మీ పేరేంటండీ?' అని అడిగాడు. మొదటి వాదం అసలు పేరు చెప్పమంటుంది. రెండో వాదం 'రాహుల్' అనో 'కిరణ్' అనో చెప్పి తప్పించుకోమంటుంది. మూడోది, 'పేరు కలిసినప్పుడు చెబుతానండి, ఇప్పుడు చెప్పే పేరు అసలుది కాదు' అనమంటుంది. నిజాయతీ పేరు ఇవ్వడంలో లేదు, ఇవ్వడం లేదని ఒప్పుకోవడంలో ఉంది.

గుర్తుపట్టించేవి, నిర్ణయం మార్చేవి

సందర్భాన్ని బట్టి అని ఊరుకుంటే ప్రొఫైల్ రాయడానికి కూర్చున్న మనిషికి పని జరగదు. ఇంకొంచెం పదునైన గీత కావాలి. ఒక మనిషి గురించిన వివరాలు రెండు రకాలు. కొన్ని అతను ఫలానా వాడని పట్టిస్తాయి: పేరు, ముఖం, ఆఫీసు, ఊరు. కొన్ని ఎదుటి మనిషి నిర్ణయాన్ని మారుస్తాయి: వయసు, పెళ్లయిందా, చేసుకోబోతున్నాడా, ఏం కోరుకుంటున్నాడు, కలవడానికి ఎంత వీలుంది. మొదటి రకాన్ని ఎంతకాలమైనా ఆపవచ్చు, తప్పుగా మాత్రం చెప్పకూడదు. రెండో రకాన్ని ఆపకూడదు కూడా.

ఒక ఊహించిన ఉదాహరణ తీసుకుందాం. కోనసీమలో పనిచేస్తున్న బ్యాంకు ఆఫీసరు, వయసు 31, సొంత ఊరు గుంటూరు వైపు, పెళ్లి కాలేదు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అతని మొదటి చిత్తు భయంతో రాసింది: 'రాహుల్, 27, హైదరాబాద్, బిజినెస్.' ఫొటో ఇంటర్నెట్లో దొరికిన ఎవరిదో. ఇందులో గోప్యత పూర్తిగా ఉంది, నిజం ఒక్కటీ లేదు. నెల రోజులు మాట్లాడి దగ్గరైన మనిషి ప్రేమించేది 27 ఏళ్ల హైదరాబాద్ రాహుల్‌ని. తరువాత నిజం చెప్పినా, ఏది నిజమో అవతలివాడికి ఇక తెలిసే వీలు లేదు.

రెండో చిత్తు పశ్చాత్తాపంతో రాసింది. పేరూ ముఖమూ లేవు గానీ మిగతావన్నీ ఉన్నాయి: '31, బ్యాంక్ ఆఫీసర్, అమలాపురం, గుంటూరు అబ్బాయిని, పొద్దున్నే షటిల్ ఆడతాను, వయొలిన్ నేర్చుకుంటున్నాను.' తనకు ఇది భద్రంగానే కనిపిస్తుంది. నిజానికి ఇది విజిటింగ్ కార్డుతో సమానం. ఆ ఊళ్లో బ్యాంకు ఆఫీసర్లు ఎందరు? వాళ్లలో గుంటూరు వైపు వాళ్లెవరు? ముప్పై ఒక్కేళ్లవాడు? వయొలిన్ దాకా వచ్చేసరికి మిగిలేది ఒక్కడే. పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడ్ లాంటి జిప్‌కోడ్ మూడూ కలిస్తే అమెరికా జనాభాలో నూటికి 87 మందిని విడిగా గుర్తించవచ్చని లటాన్యా స్వీనీ 2000లో లెక్కగట్టింది. ఒక్కో వివరమూ విడిగా హాని లేనిదే, కలయికే పట్టిస్తుంది.

తెలుగు నేల మీద దీనికి ఇంకో పొర ఉంది. పాశ్చాత్య భద్రతా సూచనలు ముఖం గురించే ఎక్కువ మాట్లాడతాయి. మన దగ్గర ఇంటిపేరూ సొంత ఊరూ కలిస్తే ముఖం అక్కర్లేదు. 'మీ ఇంటిపేరేంటండీ, మీదే ఊరు?' అన్న రెండు ప్రశ్నలు పెళ్లిపందిట్లో కొత్తవాడి వంశం మొత్తం రాబట్టడానికి సరిపోతాయి. చాట్‌లో అవే ప్రశ్నలు ఎంతో మామూలుగా, మర్యాదగా వస్తాయి. అలవాటుగా జవాబు చెప్పేస్తాం కూడా.

మూడో చిత్తు ఇలా ఉండవచ్చు:

'31. గోదావరి జిల్లాల్లో ఉంటాను, ఉద్యోగస్తుణ్ని. పెళ్లి కాలేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, నేను ఒప్పుకోవడం లేదు. ఇంట్లో నా సంగతి తెలియదు, అందుకే ఇక్కడ ఫొటో లేదు. కొన్నాళ్లు మాట్లాడుకున్నాక వీడియో కాల్లో ముఖం చూపిస్తాను, మీరూ చూపించాలి. పేరు, ఊరు, ఆఫీసు కలిశాకే. సంగీతం ఇష్టం. తొందర లేని స్నేహం, కుదిరితే తోడు కావాలి. నెలకు ఒకటి రెండు సార్లే బయటికి రాగలను.'

ఇందులో అబద్ధం లేదు. అమలాపురం జిల్లాల స్థాయికి, వయొలిన్ సంగీతం స్థాయికి విస్తరించాయి. అంటే వివరం తప్పుగా మారలేదు, వెడల్పయింది. వయసు కూడా వెడల్పు చేయాలనుకుంటే 'ముప్పై దాటింది' అనవచ్చు, 27 అనకూడదు. పేరుండే చోట రాహుల్ బదులు ఎవరూ పేరనుకోని మాట, 'సాయంత్రం' లాంటిది, పెడితే అది మారుపేరని చూడగానే తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి వాక్యం. నెలకు రెండుసార్లకు మించి రాలేనని ముందే చెప్పడం ఎదుటివాడి ఆశను కాపాడుతుంది. చాలా ప్రొఫైళ్లలో లేనిది ఈ వాక్యమే.

అశ్వత్థామ పేరు గట్టిగా, ఏనుగన్న మాట మెల్లగా చెప్పిన ధర్మరాజు పద్ధతి ఇక్కడ పనికిరాదు. 'సింగిల్' అని రాసి, 'అంటే భార్య పుట్టింట్లో ఉంది' అని తరువాత వివరించేవాళ్లు చేసేది అదే. అక్షరాలా నిజమే చెప్పానన్నది సమర్థన కాదు. విన్నవాడు ఏమి నమ్మాలని చెప్పావన్నదే లెక్క.

రాయకపోయినా బయటపడేవి

ప్రొఫైల్ ఎంత జాగ్రత్తగా రాసినా, ఫోను దాని పని అది చేస్తుంది. దూరం సంగతి చూడండి. 'రెండు కిలోమీటర్లు' అన్న అంకె ఒక్కటే చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. అదే అంకెను మూడు వేర్వేరు చోట్ల నుంచి చూస్తే, మూడు వృత్తాలు కలిసే చోట ఇల్లు దొరుకుతుంది. గ్రైండర్‌లో 'Show Distance' ఆపే వీలుంది. ఆపినా పూర్తిగా తప్పదని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపించారు. యాప్ మనుషులను దగ్గర నుంచి దూరానికి వరసలో పేరుస్తుంది కాబట్టి, నకిలీ ఖాతాలను అటూ ఇటూ నిలబెట్టి ఆ వరసలో మన స్థానాన్ని బట్టి చోటు పట్టేయవచ్చు. హైదరాబాద్‌లో ఆ వరసలో వందల మంది ఉంటారు. చిన్న ఊళ్లో పది మంది కూడా ఉండరు, మనం ఆఫీసులో యాప్ తెరిచినప్పుడల్లా మొదటి గడిలో కనపడతాం. ఊళ్లో ఉన్నప్పుడు యాప్ తెరవకుండా, రాజమండ్రికో కాకినాడకో వెళ్లినప్పుడే చూసుకోవడం చాలామంది తమంతట తాము కనిపెట్టుకున్న పద్ధతి. ఏ సెట్టింగూ దానికి సాటి రాదు.

ఫొటోల్లో ముఖం కత్తిరిస్తే చాలనుకుంటారు. వెనక గోడ మీద కాలేజీ క్యాలెండరు, మెడలో ఐడీ కార్డు తాడు, చేతి మీద పచ్చబొట్టు మిగిలిపోతాయి. ఫేస్‌బుక్‌లోనో మ్యాట్రిమోనీ సైట్లోనో పెట్టిన ఫొటోనే ఇక్కడా వాడితే, బొమ్మతో వెతికే సాధనాలు రెండింటినీ కలిపేస్తాయి. ఈ ప్రొఫైల్ కోసమే తీసిన, ఇంకెక్కడా వాడని ఫొటో కావాలి. చూసి మాయమయ్యే ఫొటోలూ నమ్మదగ్గవి కావు, రెండో ఫోనుతో ఆ తెరను ఫొటో తీస్తే అవి నిలిచిపోతాయి.

అన్నిటికన్నా పెద్ద చిల్లు ఫోన్ నంబరు. చాట్ బాగా సాగుతోందని నంబరు ఇస్తాం. అవతలివాడు దాన్ని ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో కొడితే చాలు, రూపాయి పంపకుండానే బ్యాంకు ఖాతాలో ఉన్న పూర్తి పేరు, చాలాసార్లు ఇంటిపేరుతో సహా, కనపడుతుంది. ట్రూకాలర్ మిగతాది చెబుతుంది. ముఖాన్ని నెల రోజులు కాపాడుకున్నవాళ్లు నంబరు దగ్గర అరనిమిషంలో బయటపడిపోతారు. నంబరు బదులు యాప్‌లోనే మాట్లాడుకోవడం, లేదా నంబరు కనపడకుండా యూజర్‌నేమ్‌తో నడిచే సందేశాల యాప్ వాడటం దీనికి మార్గం.

నమ్మకం రెండు వైపులా

ముఖం లేని ప్రొఫైల్ మీద అనుమానం రావడం అన్యాయం కాదు. నకిలీ ఖాతాలతో పిలిపించి, గదిలోకి ఇంకో ఇద్దరు చొరబడి, వీడియో తీసి డబ్బు గుంజే ముఠాల వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. కాబట్టి గోప్యత కోరేవాడు తానిచ్చేదానికి ఒక క్రమం చెప్పగలగాలి. సంభాషణ ఇలా నడవవచ్చు:

'మీదే ఊరండీ?'

'ఈ జిల్లాల్లోనేనండి. ఊరి పేరు ఇప్పుడే చెప్పలేను, ఏమీ అనుకోకండి. ఆదివారం వీడియో కాల్ మాట్లాడదామా? ఇద్దరం ఒకేసారి కెమెరా ఆన్ చేద్దాం.'

ఒకేసారి అన్న మాట ముఖ్యం. ఒకడు ముందు చూపించి ఇంకొకడు ఆపితే, చూపించినవాడు చిక్కుకున్నట్టే. అవతలివాడు నిజాయతీగలవాడైతే ఈ పద్ధతికి విసుక్కున్నా ఒప్పుకుంటాడు. మొదటి పది నిమిషాల్లోనే ముఖం కనపడేలా నగ్న ఫొటో అడిగేవాడు, వీడియో కాల్ వద్దని నేరుగా గదికి రమ్మనేవాడు, ఆఫీసు పేరు మళ్లీ మళ్లీ అడిగేవాడు, వీళ్ల దగ్గర ఆగిపోవాలి. మొదటిసారి కలవడం పక్క పట్టణంలో, పగటిపూట, నలుగురూ ఉండే కాఫీ షాపులో.

బెదిరింపు వస్తే డబ్బు పంపకూడదు. ఒకసారి పంపినవాణ్ని మళ్లీ అడుగుతారు. చాట్, నంబరు, యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు దాచుకుని, ఆ తరువాతే బ్లాక్ చేయాలి. ఇది భారతీయ న్యాయ సంహిత 308 సెక్షన్ కింద బలవంతపు వసూలు నేరం. 1930 నంబరుకూ cybercrime.gov.in కూ ఫిర్యాదు చేయవచ్చు. పోలీసుల నుంచి సంగతి ఇంటికి చేరుతుందన్న భయంతో చాలామంది అక్కడి దాకా వెళ్లరు. వాళ్ల భయం వట్టిది అనలేం. ముందు ఒక లాయరుతో మాట్లాడి, ఆయనతో కలిసి వెళ్లడం కొంత మేలు.

తేలనివి

హెచ్ఐవీ స్థితిని ప్రొఫైల్‌లో రాయాలా అన్నది వాటిలో ఒకటి. ఇది ఎదుటివాడి నిర్ణయాన్ని మార్చేదే కాబట్టి నా గీత ప్రకారం ఆపకూడదు. కానీ గ్రైండర్ వాడకందార్లు నింపిన హెచ్ఐవీ వివరాలు రెండు బయటి సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్తున్నాయని 2018లో బయటపడింది. తరువాత ఆపేశారు, అయినా ఆ గడి ఎవరి కోసం నింపుతున్నామో అప్పటి నుంచి తేల్చుకోవాల్సి వచ్చింది. మన 2017 హెచ్ఐవీ చట్టం ఆ వ్యక్తి గోప్యతను కాపాడుతూనే, సోకకుండా జాగ్రత్తపడే బాధ్యతను అతని మీద పెట్టింది. ముందుగా చెప్పడాన్ని ఆ జాగ్రత్తల్లో ఒకటిగా పేర్కొంది. బహిరంగ ప్రొఫైల్‌లో కాదు, శారీరకంగా దగ్గరయ్యే ముందు ఆ ఒక్క మనిషికి చెప్పాలన్న వైపే చాలామంది మొగ్గుతున్నారు. మందులతో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, లైంగికంగా సోకే అవకాశమే లేనప్పుడు కూడా చెప్పి తీరాలా అన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు.

ఇంకా కష్టమైంది పెళ్లి. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. ఇద్దరు మగవాళ్లు ఒక ఇంట్లో ఉంటామని పెద్దల ముందు చెప్పుకోవడానికి చట్టం ఇచ్చే పేరేమీ లేదు. ఇంట్లో ఒత్తిడి మాత్రం అలాగే ఉంది. ఒత్తిడికి లొంగి అమ్మాయిని పెళ్లాడినవాడు 'మ్యారీడ్' అని ప్రొఫైల్‌లో నిజమే రాస్తే, యాప్‌లోని మనిషి పట్ల నిజాయతీ పాటించినట్టే. ఆ భార్య పట్ల కాదు. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ముఖ్యమైన విషయం దాచి సమ్మతి పొందిన పెళ్లిని రద్దు చేయించుకునే హక్కు ఆమెకు ఇస్తోంది, కానీ మోసం బయటపడిన ఏడాదిలోపే ఆమె కోర్టుకు వెళ్లాలి. గోప్యత హక్కు తన గురించిన సమాచారం మీద మనిషికి ఉంటుంది. ఇంకొకరి జీవితాన్ని ఆ సమాచారం మీద కట్టేసినప్పుడు ఆ హక్కు ఎంత దాకా నిలుస్తుందన్నది మూడు వాదాల్లో ఏదీ తృప్తిగా చెప్పలేదు. మన బ్యాంకు ఆఫీసరు 'ఒప్పుకోవడం లేదు' అని రాసిన వాక్యం కూడా పెళ్లిచూపులకు తలూపేదాకానే నిజం. ఆ రోజు ఆ వాక్యాన్ని తీసేయడమా, మార్చడమా, అప్పటికే దగ్గరైన మనిషికి ముందు చెప్పడమా, ఆ అమ్మాయికి ముందు చెప్పడమా అన్నది అతను అప్పుడు తేల్చుకోవాల్సి ఉంటుంది.